దువ్వినకొద్దీ పొంగే జుట్టు

ఇంటర్ కోసం విజయవాడ హాస్టల్లో చేరిన ఒక ఉంగరాల జుట్టు అమ్మాయిని ఊహించుకోండి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మే కుంకుడురసంతో తలంటి, చిక్కు తీసి జడ వేసేది. హాస్టల్లో వారం తిరక్కుండానే గదిలో ఆమె పేరు ‘నూడుల్స్’ అయిపోయింది. “ఏయ్ నూడుల్స్, తల దువ్వుకోలేదేంటే?” అని ఒకతి అనడం, నలుగురూ నవ్వడం. ఆ నవ్వులకు భయపడి రోజుకు మూడు నాలుగుసార్లు పొడి జుట్టునే సన్నపళ్ల దువ్వెనతో లాగి లాగి దువ్వేది. దువ్వినకొద్దీ అది ఇంకా పొంగేది.

పొంగదూ మరి! ఉంగరాల వెంట్రుక కుదురులోంచే వంపు తిరిగి వస్తుంది. తల మీద ఊరే సహజమైన జిడ్డు ఆ మెలికల వెంట కొసల దాకా జారలేదు. అందుకే కొసలు ఎండిపోయి ఉంటాయి. పక్కపక్క వెంట్రుకలు కలిసి ఒక రింగుగా చుట్టుకుంటాయి కదా, పొడి మీద దువ్వితే ఆ రింగు విడిపోయి ఏ వెంట్రుకకది లేచి నిలబడుతుంది. బోరు నీళ్లలోని సున్నం జుట్టుకు పట్టి దాన్ని మరింత గరుకు చేస్తుంది. ఎగతాళి చేసిన పిల్లలకు గానీ, పడ్డ పిల్లకు గానీ ఇవి ఎవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగించేది అదే.

చెప్పింది సీనియర్ అక్క ఒకామె. ఆమెదీ అదే జుట్టు. “ముందు ఆ దువ్వెన అవతల పెట్టవే. కండిషనర్ రాసి, తడి మీదే తియ్యి చిక్కు.” ఆ ఆదివారం పెద్దపళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి వెళ్లింది. ఆఖరి మగ్గు మాత్రం మంచినీళ్ల ఫిల్టర్‌ది పోసుకుంది. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్దుకుంది.

తర్వాత అవిసె గింజల జెల్. రెండు చెంచాల గింజల్ని రెండు కప్పుల నీళ్లలో మరిగించి, గుడ్డు తెల్లసొనలా జారుతున్నప్పుడే వడకట్టాలి. మెస్‌లో అడిగి కాచుకున్న మొదటిసారి ఎక్కువ మరిగించేసరికి ముద్దయి వడకట్టులోంచి దిగలేదు. రెండోసారి బాగా కుదిరింది గానీ, ఫ్రిజ్ లేక నాలుగో రోజుకు పుల్లటి వాసన కొట్టింది. అప్పట్నుంచి ఒక్క తలంటుకు సరిపడానే కాచుకునేది. తడి జుట్టుకు జెల్ రాసి, కొసల్ని గుప్పిట్లో పట్టి పైకి నొక్కి వదిలేసేది. ఆరాక పెళుసుగా అట్ట కట్టినట్టుంటే, మళ్లీ మెల్లగా నలిపితే మెత్తబడేది.

ఇదంతా ఒక్క వారంలో కుదరలేదు. క్లాసు రోజుల్లో రెండు జడల రూలు రూలే. కాకపోతే తడి జుట్టును బిగించి అల్లడం మానేసింది. ఆదివారాలు మాత్రం ముందు పాయలు రెండూ వెనక్కి పిన్ను పెట్టి, మిగతాది వదిలేసేది. వానాకాలంలో అప్పటికీ పొంగేది, అలాగే ఉండనిచ్చేది.

సెలవుల్లో జుట్టు భుజాల దాకా కత్తిరించుకోవాలనుకుంది. తడి మీద కొలిస్తే, ఆరాక రింగులు ముడుచుకుని చెవుల దాకా పోతుంది. పార్లర్ ఆంటీకి ముందే చెప్పింది: “ఆరాకే కత్తిరించండి ఆంటీ, ఎంత పొడవుందో అప్పుడే తెలుస్తుంది.”