స్క్రీన్ మీద రేటు ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి: ఎస్‌ఎంఈ షేర్లలో మార్కెట్ మేకర్ ఏం చేస్తాడు?

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ అమ్ముకోవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఆ లారీయే కావాలనుకునే ఓనర్ దొరికేదాకా ఆగడం. వారం పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు. రెండోది, సెకండ్ హ్యాండ్ బళ్లు కొని అమ్మే వ్యాపారి దగ్గరికి వెళ్లి, "భాయ్, ఇప్పటికిప్పుడు క్యాష్ ఇస్తే ఎంతకి తీసుకుంటారు?" అని అడగడం. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజిన్ చప్పుడు విని, "ఎనిమిది లక్షలు" అంటాడు. అదే బండిని మర్నాడు ఎవరైనా కొనడానికి వస్తే ఎనిమిది లక్షల యాభై వేలు చెబుతాడు. ఆ మధ్య ఉన్న యాభై వేలే ఆయన బతుకుతెరువు. అమ్మేవాడికి వెంటనే డబ్బు, కొనేవాడికి వెంటనే బండి దొరికాయి. ఆ తొందరకు కట్టిన కూలి అది.

షేర్ మార్కెట్‌లో ఇదే పని చేసేవాళ్లను మార్కెట్ మేకర్ అంటారు. కొనడానికి ఒక రేటు, అమ్మడానికి ఒక రేటు, రెండూ ఒకేసారి చెప్పి కూర్చుంటాడు. కొనే రేటును బిడ్ అని, అమ్మే రేటును ఆస్క్ అని, రెండింటి మధ్య తేడాను స్ప్రెడ్ అని పిలుస్తారు. ఎవరైనా అమ్మడానికి వచ్చినప్పుడు కొనేవాడు సిద్ధంగా ఉండటమే లిక్విడిటీ. వడ్డీ వద్దనుకుని ఎఫ్‌డీల జోలికి పోకుండా షేర్ల వైపు వచ్చిన మన కుటుంబాలు ఈ నాలుగు మాటలూ తెలుసుకోవాలి. ఎందుకంటే పెళ్లికో, ఆస్పత్రికో డబ్బు కావాల్సి వచ్చిన రోజున షేరు ధర ఎంత పెరిగిందన్నది రెండో ప్రశ్న. కొనేవాడు ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న.

ముందు ఆయన లెక్క చూద్దాం. ఒక షేరుకు మార్కెట్ మేకర్ బిడ్ 99.50, ఆస్క్ 100.50 అని పెట్టాడనుకోండి. ఉదయం ఒకాయన వెయ్యి షేర్లు అమ్మాడు, మధ్యాహ్నం ఇంకొకాయన వెయ్యి కొన్నాడు. షేరుకు రూపాయి చొప్పున వెయ్యి రూపాయలు మిగిలాయి. ధర పెరుగుతుందా, పడుతుందా అని ఆయన జోస్యం చెప్పలేదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు సమానంగా ఉంటే చాలు.

సమానంగా లేనప్పుడే గొడవ. అందరూ అమ్మేవాళ్లే వచ్చి, 99.50 చొప్పున ఐదు వేల షేర్లు ఆయన నెత్తిన పడ్డాయనుకుందాం. సాయంత్రం కంపెనీకి పెద్ద ఆర్డర్ రద్దయిందని వార్త వచ్చి ధర 90కి పడింది. నష్టం 47,500 రూపాయలు. వెయ్యి షేర్లు కొని అమ్మితే వచ్చేది వెయ్యి రూపాయలే కాబట్టి, ఈ ఒక్క దెబ్బ పూడ్చుకోవడానికి దాదాపు నలభై ఎనిమిది సార్లు ఆ పని చేయాలి.

ఇంకో భయం కూడా ఉంది. లారీ అమ్మడానికి వచ్చిన డ్రైవర్‌కు గేర్ బాక్స్ లోపల ఏముందో వ్యాపారి కంటే బాగా తెలుసు. షేరు అమ్మడానికి వచ్చినవాడికి కంపెనీ లోపలి సంగతి ముందే తెలిసి ఉండొచ్చు. తనకంటే ఎక్కువ తెలిసినవాడితో బేరం చేస్తున్నానేమో అన్న అనుమానం ఎంత ఉంటే, వ్యాపారి కొనే రేటును అంత కిందికి, అమ్మే రేటును అంత పైకి జరుపుతాడు. రోజూ లక్షల షేర్లు చేతులు మారే పెద్ద కంపెనీలో ఈ భయం తక్కువ. కొన్న సరుకు నిమిషాల్లో అమ్ముకోవచ్చు. అందుకే అక్కడ స్ప్రెడ్ పైసల్లో ఉంటుంది. రోజుకు పది లావాదేవీలు కూడా జరగని చిన్న కంపెనీలో కొన్న సరుకు వారాల తరబడి గొంతుకు అడ్డం పడొచ్చు. అక్కడ స్ప్రెడ్ రూపాయల్లోకి పోతుంది. ఇది మోసం కాదు, ఆయన మోస్తున్న రిస్క్‌కు ధర. కాకపోతే ఆ ధర కట్టేది మనం.

మన దేశంలో పెద్ద షేర్లకు ఇలా నియమించిన మార్కెట్ మేకర్ ఉండడు. ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ అందరి ఆర్డర్లనూ వరుసలో పెట్టి, కొనే రేటూ అమ్మే రేటూ కలిసినచోట జత చేస్తుంది. కొనే అమ్మే జనం ఎక్కువ కాబట్టి అది నడుస్తుంది. జనం లేనిచోట నడవదు. అందుకే 2012లో బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం ఎస్‌ఎంఈ ప్లాట్‌ఫామ్‌లు మొదలుపెట్టినప్పుడు, ప్రతి కంపెనీకీ మార్కెట్ మేకర్ ఉండి తీరాలని సెబీ నిబంధన పెట్టింది. లిస్టయిన రోజు నుంచి కనీసం మూడేళ్లు ఆ ఏర్పాటు ఉండాలి. మార్కెట్ పనివేళల్లో కనీసం 75 శాతం సమయం ఆయన రెండు వైపులా రేటు చూపాలి. మొదట్లోనే ఇష్యూలో కనీసం 5 శాతం షేర్లు ఆయన దగ్గర ఉండాలి.

చదివితే ధైర్యంగానే ఉంటుంది. "అమ్మాలంటే కొనేవాడు ఉన్నాడుగా" అనిపిస్తుంది. కానీ నిబంధన ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. రేటు చూపాలన్నది నిబంధన, మీకు నచ్చిన రేటు చూపాలన్నది కాదు. ఎక్స్ఛేంజ్ పెట్టిన హద్దు లోపల ఆయన బిడ్‌ను కిందికి దించుకోవచ్చు. చూపిన రేటుకు కొనేది కూడా కొద్ది షేర్లే. పైగా ఆయన దగ్గర సరుకు ఒక హద్దు దాటితే కొనడం ఆపేసే వెసులుబాటు ఉంది. 20 కోట్ల లోపు ఇష్యూలకు ఆ హద్దు ఇష్యూలో 25 శాతం. ఇష్యూ పెద్దదయ్యేకొద్దీ అది తగ్గి, 80 కోట్లు దాటితే 12 శాతం. అంటే అందరూ ఒకేసారి తలుపు వైపు పరుగెత్తిన రోజున ఆయన న్యాయంగానే పక్కకు తప్పుకోవచ్చు. మిగతా 25 శాతం సమయం సంగతి సరేసరి.

ఇప్పుడు ఒక కుటుంబం వైపు నుంచి లెక్క చూద్దాం. ఎస్‌ఎంఈ షేర్లను ఒకటీ రెండూ అమ్మడం కుదరదు, లాట్ల లెక్కన అమ్మాలి. లాట్‌కు 1,200 షేర్లు, మూడు లాట్లు ఉన్నాయనుకుందాం. బ్రోకర్ యాప్‌లో చివరి ధర 120 అని కనిపిస్తోంది. 3,600 షేర్లకు విలువ 4,32,000. ఇంట్లో అందరూ ఆ అంకె చూసే లెక్కలు వేసుకుంటారు. కానీ ఆ 120 అన్నది ఎవరో ఎప్పుడో చేసిన చివరి బేరం. నిన్నటిది కావచ్చు, మూడు రోజుల కిందటిది కావచ్చు.

యాప్‌లోనే మార్కెట్ డెప్త్ అని ఒక చోట కొనేవాళ్ల వరుస కనిపిస్తుంది. అది తెరిస్తే మార్కెట్ మేకర్ 112కు ఒక లాట్ అడుగుతున్నాడు. కింద 106కు ఒక లాట్, 98కి ఒక లాట్. అమ్మేవాళ్ల వైపు మొదటి రేటు 123. తొందరలో మార్కెట్ ఆర్డర్ కొడితే, అంటే ఏ రేటైనా పర్లేదు అమ్మేయమంటే, మూడు లాట్లూ 112, 106, 98 చొప్పున పోతాయి. చేతికొచ్చేది 3,79,200. కంపెనీలో ఏ మార్పూ లేదు, చెడ్డ వార్తా లేదు. అయినా స్క్రీన్ మీద అంకెలో 52,800 కరిగిపోయింది. అంటే వందకు పన్నెండు రూపాయల పైమాటే. కొనేటప్పుడూ ఇదే వరస. 123కు కొని అదే నిమిషంలో 112కు అమ్మితే లాట్‌కు 13,200 పోతుంది.

ఇది మామూలు రోజు. చెడ్డ వార్త వచ్చిన రోజు వేరు. రోజుకు 5 శాతం హద్దు ఉన్న షేరయితే 120 నుంచి 114 దగ్గర ఆగిపోతుంది. అక్కడ అమ్మేవాళ్ల క్యూ ఉంటుంది, కొనేవాళ్ల వైపు సున్నా. మర్నాడు 108.30. ఇలా ఐదు రోజులు సాగితే 93 దగ్గరికి చేరుతుంది. ఐదు రోజులూ ఆర్డర్ పెట్టినా ఒక్క షేరు కూడా కదలకపోవచ్చు. పెళ్లి హాల్‌కు అడ్వాన్స్ కట్టాల్సిన వారం అదే అయితే ఏం చేస్తారు?

తక్కువగా చేతులు మారే షేరులో ధర ఎంత అబద్ధమాడగలదో చూపిన ఉదాహరణ ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్. ఏషియన్ పెయింట్స్‌లో వాటా ఉన్న ఈ కంపెనీ షేరు ఏళ్ల తరబడి మూడు రూపాయల చుట్టూ కనిపించేది. ఆ ధరకు ఎవరూ అమ్మలేదు, కాబట్టి ఎవరూ కొనలేకపోయారు. 2024 అక్టోబర్ 29న ప్రత్యేక వేలం పెట్టి ధర తేల్చారు. ఆ రోజు ముగిసేసరికి 3.53 కాస్తా 2,36,250 రూపాయలైంది. ఇక్కడ అబద్ధం పైకి పోయింది కాబట్టి అందరూ సంతోషంగా చెప్పుకున్నారు. కిందికి పోయినవాటిని ఎవరూ చెప్పుకోరు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి అనుభవం హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్. 1943లో మొదలైన ఈ ఎక్స్ఛేంజ్ గుర్తింపు 2007లో పోయింది. బీఎస్‌ఈలోనో ఎన్‌ఎస్‌ఈలోనో కూడా లిస్టయిన కంపెనీల వాటాదార్లకు ఇబ్బంది లేదు. అక్కడొక్కచోటే లిస్టయిన చిన్న కంపెనీల వాటాదార్లకు అమ్ముకునే బజారే లేకుండా పోయింది. తర్వాత ఇలాంటి షేర్ల కోసం సెబీ డిసెమినేషన్ బోర్డు అనే ఏర్పాటు తెచ్చింది. అందులో "నేను ఇంతకు అమ్ముతాను" అని ప్రకటన పెట్టుకోవచ్చు. కొనేవాడు రావడం మాత్రం అదృష్టం.

ఇలాంటి షేర్లకు ఇంకో జబ్బు ఉంది. ధర కదపడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. నలుగురు కలిసి తమలో తామే కొని అమ్ముకుంటూ పోతే రెండు నెలల్లో షేరు రెట్టింపు కనిపిస్తుంది. అప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో టిప్ వస్తుంది. ఎస్‌ఎంఈ షేర్ల విషయంలో జాగ్రత్త అని సెబీ 2024 ఆగస్టులో ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. గుర్తుపట్టడానికి ఒక మార్గం ఉంది. ధర రోజూ పైహద్దు తాకుతూ ఉంటుంది కానీ చేతులు మారే షేర్లు గుప్పెడే ఉంటాయి. టిప్ చూసి జనం వచ్చాకే ఆ సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు అమ్మేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

ఇప్పటికే ఇలాంటి షేరు చేతిలో ఉంటే, అమ్మేటప్పుడు మార్కెట్ ఆర్డర్ కాకుండా లిమిట్ ఆర్డర్ పెట్టాలి. అంటే ఇంతకంటే తక్కువకు వద్దని రేటు రాసి పెట్టడం. మూడు లాట్లూ ఒకే రోజు కాకుండా ఒక్కొక్కటిగా అమ్మితే కొనేవాళ్ల వరుస మళ్లీ నిండటానికి సమయం దొరుకుతుంది. దీనికి వారాలు పట్టొచ్చు కాబట్టి, తేదీ ఖరారైన ఖర్చుకు ఈ డబ్బును నమ్ముకోకూడదు. కొత్తగా కొనాలనుకునేవాళ్లు వరుసగా పది రోజులు ఎన్ని షేర్లు చేతులు మారాయో రాసుకోవచ్చు. తాము కొనాలనుకున్న షేర్లు రోజువారీ సంఖ్యలో సగం ఉంటే, బయటికి వచ్చేటప్పుడు ధరను తామే పడగొట్టుకుంటారు.

కంపెనీ ఇష్యూకు వచ్చినప్పటి ప్రాస్పెక్టస్‌లో మార్కెట్ మేకర్ ఎవరో, ఒప్పందం షరతులేమిటో రాసి ఉంటాయి. లిస్టయిన తేదీకి మూడేళ్లు కలిపితే ఆ తప్పనిసరి గడువు ఎప్పుడు తీరుతుందో తెలుస్తుంది. ఆ తేదీ దగ్గరపడుతున్నా కంపెనీ మెయిన్ బోర్డుకు వెళ్లే సూచన లేకపోతే, కొనేవాళ్ల వరుసలో మార్కెట్ మేకర్ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా అన్నది ఆలోపే చూసుకోవాలి.