మైకు ఇంటర్‌ఫేస్‌కి, ఇంటర్‌ఫేస్ మిక్సర్‌కి

స్టూడియోలో వాడే కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. మైకును ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెట్టి, దాని అవుట్‌పుట్‌ను మిక్సింగ్ కన్సోల్‌కి కలిపినప్పుడు ఆ పవర్ ఇవ్వాల్సింది ఇంటర్‌ఫేసే. కన్సోల్‌లో 48V బటన్ నొక్కితే అది మైకు దాకా వెళ్లదు. పైగా ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కి దాన్ని పాడుచేయవచ్చు. చిన్న మిక్సర్లలో చాలావాటికి అన్ని చానళ్లకూ ఒకటే 48V బటన్ ఉంటుంది, అసలు చిక్కు అక్కడే.

రెండో తప్పు ఎక్కడ గుచ్చామన్నది. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. ఇంటర్‌ఫేస్ దాన్ని పెంచి ఒక వోల్టు దరిదాపులకు తెస్తుంది. దాన్ని తీసుకెళ్లి కన్సోల్ మైక్ ఇన్‌పుట్‌లో పెడితే గెయిన్ పూర్తిగా తగ్గించినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, గొంతు బరబరలాడుతుంది. చాలామంది మైకునే అనుమానిస్తారు, పాపం!

ఈ రెండింటికీ మందు ఒకటే: కన్సోల్‌లో లైన్ ఇన్‌పుట్ జాక్. ఫాంటమ్ పవర్ మామూలుగా ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లోకే వస్తుంది, లైన్ జాక్‌లోకి రాదు. పవర్ వేసే ముందు స్పీకర్లు మ్యూట్ చేయండి.