ఆవకాయకు ఎన్ని సీసాలు?

సీసా మీద ఉండేది మిల్లీలీటర్లు, మనం తూచేది కిలోలు. లెక్క తప్పేది అక్కడే.

మూడు కిలోల మామిడి ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు అరకిలో చొప్పున, లీటరు నువ్వుల నూనె కలిపారనుకుందాం. లీటరు నూనె సుమారు 920 గ్రాములే తూగుతుంది. మొత్తం 5,420 గ్రాములు.

మొదటి రోజే సీసాలకెత్తితే ముక్క ఊరి పచ్చడి కిందికి దిగుతుంది, పైన వెలితి పడుతుంది. అందుకే మూడో రోజు తిరగగలిపాక, ఖాళీ సీసాను తూచి, పైన వేలెడు జాగా వదిలి నింపి మళ్లీ తూచండి. తేడా 490 గ్రాములు వస్తే, 5,420ని దానితో భాగించండి: పదకొండు సీసాలు. జాడీకి అంటుకుపోయేది ఉంటుంది కాబట్టి చివరిది కాస్త వెలితిగానే ఉంటుంది. ముందు దాన్నే వాడేయండి.