గీజర్ నుంచి ఎర్త్ గుంత దాకా

ఇంటి వైరింగ్ పటం మొత్తం ఒకేసారి చదవబోతే తల తిరుగుతుంది. ఒక్క గీజర్ గీత పట్టుకోండి చాలు. మీటరు, మెయిన్ స్విచ్, డీబీ బాక్సులో 16 ఆంపియర్ల ఎంసీబీ (పాత ఇళ్లలో ఫ్యూజు), బాత్రూం బయట స్విచ్, చివర గీజర్. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది.

స్విచ్ గుర్తు ఫేజ్ గీత మీదే ఉందా చూడండి. న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపినా గీజర్ లోపల కరెంటు ఉన్నట్టే.

మూడోది ఆకుపచ్చ ఎర్త్ తీగ. ఇది పెరట్లోని గుంతకు పోతుంది. గీజర్ బాడీకి ఫేజ్ తగిలితే కరెంటు ఇటు పారుతుంది. అప్పుడు ఎంసీబీ పడిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క వేయండి: ఎండిన గుంత నిరోధం 20 ఓంలైతే, 230ని 20తో భాగిస్తే పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, కదలదు. బాడీ మీద మాత్రం ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉంటుంది.

అందుకే పటంలో ఆర్‌సీసీబీ కోసం వెతకాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే అది సర్క్యూట్‌ను తెంచేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అయితే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీనే. గుంత సంగతి ఎలక్ట్రీషియన్ ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తేనే తెలుస్తుంది.