గడువు పెంచమని అడిగే సందేశంలో ఆధారాల లెక్క

గడువు పెంచమని డెవలపర్ సందేశం పంపితే మేనేజర్ మొదట వెతికేది కొత్త తేదీని. ఆ తేదీని నమ్మడానికి ఆయనకు ఆధారం కావాలి. చాలా ఆఫీసుల్లో అది జీరా వంటి ట్రాకర్‌లోనే ఉంటుంది. ప్రతి పనికీ ఒక టికెట్, అది ఎప్పుడు మొదలైందో ఎక్కడ ఆగిందో తేదీలతో సహా దాని హిస్టరీలో నమోదవుతుంది.

ఊహకు ఒక షాపింగ్ యాప్‌లో రిఫండ్ పని తీసుకుందాం. జూన్ 9 సోమవారం మొదలై 20 శుక్రవారానికి పూర్తి కావాలి. డేటాబేస్‌కు రెండు రోజులు, పేమెంట్ గేట్‌వేతో అనుసంధానానికి మూడు, స్క్రీన్లకు రెండు, టెస్టింగ్‌కు మూడు, మొత్తం పది పనిదినాలు. 11న రావాల్సిన గేట్‌వే టెస్ట్ కీలు 17 ఉదయం వచ్చాయి. ఈలోగా 12న, డబ్బులో కొంత భాగమే తిరిగి ఇచ్చే సౌకర్యం కూడా కావాలన్నారు.

కీల కోసం ఎదురుచూసినవి నాలుగు పనిదినాలు. అయినా ఆలస్యం నాలుగు రోజులని రాయడం తప్పు. వాటిలో రెండు రోజులు స్క్రీన్ల పని ముందుకు జరిగింది కాబట్టి నిజంగా పోయినవి రెండే. మేనేజర్ హిస్టరీ తెరిస్తే ఈ తేడా బయటపడుతుంది, అప్పుడు మిగతా లెక్కనూ ఆయన అనుమానిస్తారు. కొత్త సౌకర్యానికి మరో రెండు రోజులు కలిపితే గడువు 26కు చేరుతుంది. సందేశం ఇలా ఉండొచ్చు:

“సర్, రిఫండ్ పని 20కి పూర్తి కాదు, 26 వరకు గడువు కావాలి. టెస్ట్ కీలు ఈరోజే వచ్చాయి, స్క్రీన్ల పని ముందే చేసినా రెండు రోజులు పోయాయి (PAY-112). 12న చేర్చిన పాక్షిక రిఫండ్‌కు మరో రెండు రోజులు (PAY-118). డేటాబేస్, స్క్రీన్లు పూర్తయ్యాయి. అనుసంధానం 19కి, పాక్షిక రిఫండ్ 23కి, టెస్టింగ్ 26కి అవుతాయి. పాక్షిక రిఫండ్‌ను తర్వాతి రిలీజ్‌కు వాయిదా వేస్తే 24కే ఇవ్వగలను. ఏది చేయమంటారో రేపటిలోగా చెప్పండి.”

ఇందులో బలమైన భాగం చివరి ప్రత్యామ్నాయం. ఏ పని వదిలితే ఎన్ని రోజులు కలిసొస్తాయో తెలిస్తేనే మేనేజర్ క్లయింట్‌తో మాట్లాడగలరు. “తొంభై శాతం అయిపోయింది” అనే మాట అందుకు పనికిరాదు, మిగిలిన పదిలోనే టెస్టింగ్ అంతా ఉండొచ్చు. ఎన్ని గంటలు కష్టపడ్డారో చూపే టైమ్‌షీట్ కూడా ఇంకెంత పని మిగిలిందో చెప్పదు.

ఆధారం అప్పటికప్పుడు తయారయ్యేది కాదు. పని ఆగిన రోజే టికెట్‌ను ‘బ్లాక్డ్’గా మార్చి కారణం రాయాలి. సందేశం పంపేరోజు మారిస్తే హిస్టరీలో ఆ తేదీయే కనబడుతుంది. ఆలస్యానికి కారణం డెవలపర్ అంచనా తప్పడమే అయితే దాన్నీ అంతే సూటిగా రాయాలి. 17న అడిగితే మేనేజర్ చేతిలో ఇంకా మూడు రోజులుంటాయి. 20 సాయంత్రం అడిగితే ఎంత పక్కా ఆధారమైనా క్లయింట్‌కిచ్చిన మాటను కాపాడలేదు.