గోడ మీద పాదముద్రలు

ఒంటిమిట్టలో మా అక్క వాళ్లింటి సున్నపు గోడ నిండా పాదముద్రలే! ‘యాందిరా నాయనా, గోడెక్కుతాండావా?’ అని అవ్వ రోజూ కేకలు. పదహారేళ్ల మనవడికేమో చేతుల మీద నిలబడాలని పట్టుదల.

మొదట్లో అందరిలాగే చేశాడు. గోడకేసి పరుగెత్తి, చేతులు ఆనించి, కాళ్లు ఎగరేయడం. మడమలు ధబీమని తగిలేవి, నడుము విల్లులా వంగేది. వారానికే మణికట్లు పట్టేశాయి. వ్యాయామం మాస్టారు దాన్ని మాన్పించి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించారు.

ముందు మణికట్లు. ఒళ్లంతటి బరువునీ అవి 90 డిగ్రీలు వంగి మోయాలి. కండరాలు తొందరగానే బలపడతాయి కానీ కీళ్లను పట్టి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది. అందుకే మోకాళ్ల మీద వంగి, అరచేతులు నేలకు ఆనించి, భుజాలు వేళ్లను దాటేలా నెమ్మదిగా ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊగాలి. తర్వాత వేళ్లను మోకాళ్ల వైపు తిప్పి మరో పదిసార్లు. ముంజేయి లాగినట్టుంటే ఫర్వాలేదు. మణికట్టు పైభాగంలో చురుక్కుమంటే మాత్రం ఆపేయాల్సిందే.

ఇక భుజాలు. గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తండి. నడుము ముందుకు వంగకుండా అవి గోడను తాకుతున్నాయా? లేదంటే తలకిందులైనప్పుడూ నడుమే వంగుతుంది. అలాంటివారు రోజూ ఇదే సాధన చేయాలి. బలానికేమో చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, నడుము పైకెత్తి, మోచేతులు వంచుతూ తలను నేలదాకా దించి లేపాలి. ఐదేసి చొప్పున మూడు విడతలు చాలు.

అసలు కిటుకు గోడ దగ్గరుంది. దానికి వీపు కాదు, ఛాతీ చూపించాలి. బోర్లా ఉండి పాదాలు గోడకు ఆనించి, ఒక్కో అడుగూ పైకెక్కుతూ చేతులు దగ్గరికి జరపాలి. సగం ఎత్తులో 20 సెకన్లు సులువుగా నిలవగలిగితేనే ఇంకా పైకి. దిగడానికి ఓపిక మిగిలుండగానే దిగాలి! మావాడి ముద్రలు అలాగే వారవారం పైకి పాకాయి. ఇప్పుడు చేతులు గోడకు జానెడు దూరంలో ఉంటున్నాయి.

అన్నట్టు, కడప బండల మీద చెమట పడితే చేయి జారుతుంది. తుడుచుకునే మొదలెట్టాలి.

అక్కడినుంచి ఒక్కో కాలూ గోడ నుంచి రెండంగుళాలు తీసి చూడాలి. వీపు వైపు ఒరుగుతుంటే వేళ్లతో నేలను నొక్కాలి. గోడ వైపు వస్తుంటే బరువును అరచేతి అడుగుభాగానికి మార్చాలి. మరీ ఒరిగిపోతే ఒక చేయి ముందుకు వేసి, ఒళ్లు తిప్పి, పక్కకు దిగిపోవాలి. దీన్ని తక్కువ ఎత్తులోనే అలవాటు చేసుకోవాలి. రక్తపోటు, గ్లాకోమా ఉన్నవారు ఈ సాహసానికి దూరంగా ఉండటమే మేలు.

మావాడు మొన్న గోడ తాకకుండా నాలుగు సెకన్లు నిలిచాడు. అవ్వ మాత్రం సున్నం డబ్బా తెప్పించింది.