బోర్డు మీద ఏ భాష ఎంత?

దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడమే ఉండాలని, అదీ బోర్డు పై సగంలో ఉండాలని కర్ణాటక 2024లో చట్టాన్ని సవరించింది. వినడానికి తేలిగ్గానే ఉంది. అమలు చేయడానికి టేపు పట్టుకుని బయల్దేరిన మనిషికి మాత్రం మొదటి దుకాణం దగ్గరే చిక్కు మొదలవుతుంది. 60 శాతం దేనిలో? బోర్డు వైశాల్యంలోనా, అక్షరాల ఎత్తులోనా, మాటల సంఖ్యలోనా? ‘సూపర్ మార్కెట్’ అని కన్నడ లిపిలో రాస్తే అది కన్నడం కిందకి వస్తుందా?

ఈ చిక్కుల్ని తీర్చుకుంటూ పెరిగిన అధ్యయనం ఒకటుంది. వీధిలో కనిపించే బోర్డులు, నోటీసులను బట్టి అక్కడి భాషల బలాబలాలను అంచనా కట్టడం దాని పని. భాషాశాస్త్రవేత్తలు దీన్ని ‘లింగ్విస్టిక్ ల్యాండ్‌స్కేప్’ అంటారు. రాడ్రిగ్ లాండ్రీ, రిచర్డ్ బూరిస్ 1997లో ప్రచురించిన వ్యాసంతో ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఇద్దరూ కెనడా పరిశోధకులే. ఆ దేశంలోని క్విబెక్‌లో బోర్డుల భాష మీద కోర్టు దాకా వెళ్లిన గొడవ ఉంది. వ్యాపార బోర్డులు ఫ్రెంచిలోనే ఉండాలని 1977 చట్టం శాసించింది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1993 సవరణతో వేరే భాష కూడా రాసుకోనిచ్చారు, కానీ ఫ్రెంచి స్పష్టంగా పైచేయిగా కనిపించాలన్నారు. నిబంధనల్లో దానికి కొలత కూడా ఇచ్చారు: మిగతా భాషకు ఇచ్చిన చోటుకు ఫ్రెంచి కనీసం రెట్టింపు ఉండాలి.

మన బజారులో ఇలాంటి లెక్క వేయాలంటే మొదట తేల్చుకోవలసింది, దేన్ని ఒక బోర్డు అనాలన్నది. ఒక కిరాణా కొట్టు ముందు పేరు బోర్డు, కూల్‌డ్రింకు కంపెనీ ఇచ్చిన రెండు రేకు బోర్డులు, షట్టరు మీద ఫోన్ కంపెనీ ప్రకటన, గల్లా పెట్టె దగ్గర ‘అరువు రేపు’ అన్న అట్టముక్క ఉన్నాయనుకుందాం. టోక్యోలో యమనోటే రైలు మార్గం స్టేషన్ల చుట్టుపక్కల సర్వే చేసిన పీటర్ బాక్‌హౌస్ పద్ధతిలో, హద్దు గీసినట్టు విడిగా కనిపించే ప్రతి రాతా ఒక బోర్డే. అంటే ఇక్కడ అయిదు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలోనూ నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లోనూ వీధుల్ని పోల్చిన సెనోజ్, గోర్టర్ మాత్రం ఒక దుకాణం మీదున్న రాతలన్నింటినీ కలిపి ఒకటిగా లెక్కేశారు. మొదటి లెక్కలో కంపెనీల ఇంగ్లీషు బోర్డులు తెలుగును ముంచేస్తాయి. రెండో లెక్కలో ఈ కొట్టు ‘రెండు భాషల దుకాణం’ అవుతుంది. రెండూ సరైనవే, కానీ ఒకదాని శాతాన్ని రెండోదాని శాతంతో పోల్చకూడదు.

తర్వాతి మెట్టు భాషను గుర్తించడం. తెలుగు వీధుల్లో అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఉదాహరణకి ఒక బోర్డు: పైన ‘శ్రీ లక్ష్మీ మెడికల్ అండ్ జనరల్ స్టోర్స్’ అని తెలుగు లిపిలో, కింద అవే మాటలు ఇంగ్లీషు లిపిలో. లిపిని చూసేవాడు దీన్ని సగం తెలుగు అంటాడు. మాటలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ‘శ్రీ లక్ష్మీ’ పేరు. పేర్లను ఏ భాష ఖాతాలోనూ వేయకుండా పక్కన పెట్టవచ్చు. మిగిలిన వాటిలో ‘అండ్’, ‘స్టోర్స్’ చివరి ‘స్’ ఇంగ్లీషు వ్యాకరణం. అదే పక్క సందులో ‘లక్ష్మీ మందుల షాపు’ అని ఉంటే, షాపు ఇంగ్లీషు నుంచి వచ్చినదే అయినా ‘మందుల’ అన్న షష్ఠీ రూపం, ‘షాపు’ చివరి ఉకారం అది తెలుగు మాటల తీరేనని చెబుతాయి. అందుకే కోడింగ్ పట్టికలో లిపికి ఒక గడి, భాషకు ఇంకో గడి విడిగా ఉండాలి. ఒకే గడి పెడితే మెడికల్ అండ్ జనరల్ స్టోర్సూ మందుల షాపూ ఒకే ఖాతాలో పడతాయి.

మూడోది వరుస. రాన్ స్కాలన్, సుజీ స్కాలన్ 2003లో రాసిన పుస్తకంలో సాధారణంగా పైనున్న భాష, ఎడమనున్న భాష, మధ్యనున్న భాష ప్రాధాన్యం ఉన్నవని చూపారు. పైనా కిందా అయితే ఈ సూత్రంతో ఇబ్బంది లేదు. హైదరాబాదు పాతబస్తీలో ఎడమ తెలుగు, కుడి ఉర్దూ ఉన్న బోర్డు దగ్గర మాత్రం ఇది తడబడుతుంది. ఉర్దూ చదివేవారి చూపు కుడి నుంచే మొదలవుతుంది కదా! కాబట్టి ‘ఏది ముందు’ అని తీర్పు రాయకుండా ‘ఏది ఎక్కడ’ అని మాత్రమే నమోదు చేయడం మంచిది. తీర్పు తర్వాత చెప్పవచ్చు.

నాలుగోది కంటికి ఆనడం. ఎదురుగా నిలబడి తీసిన ఫోటోలో అక్షరాల ఎత్తు కొలుస్తారు. పక్క నుంచి తీస్తే దూరపు అక్షరాలు చిన్నవై కొలత చెడుతుంది. తెలుగుకు ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలన్నీ దాదాపు ఒకే ఎత్తు. మన ‘స్టోర్స్’కి పైన ఓత్వం, కింద ఒత్తు ఉంటాయి. వాటితో సహా కొలిస్తే తెలుగు ఉన్నదానికంటే పెద్దదిగా తేలుతుంది. అందుకని ఒత్తూ గుణింతమూ లేని అక్షరాన్ని పట్టుకుని కొలవాలి. మన మందుల బోర్డు ఫోటోలో అలాంటి తెలుగు అక్షరం 40 పిక్సెళ్లు, ఇంగ్లీషు అక్షరం 60 వచ్చాయనుకోండి. అప్పుడు ఆ బోర్డు వరుసలో తెలుగుకు మొదటి స్థానం, పరిమాణంలో ఇంగ్లీషుకు ఒకటిన్నర రెట్లు, లిపిలో రెండూ, భాషలో ఇంగ్లీషు. ఒక్క మాటలో ‘తెలుగు బోర్డు’ అనో ‘ఇంగ్లీషు బోర్డు’ అనో రాసేస్తే ఇవన్నీ మాయమవుతాయి.

నోటీసుల దగ్గరికి వస్తే కథ మారుతుంది. పేరు ఇంగ్లీషులో పెట్టుకున్న అపార్ట్‌మెంటు గోడ మీదే ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అని తెలుగులో ఉంటుంది. జెరూసలేం బోర్డుల మీద 1991లో పుస్తకం రాసిన స్పోల్‌స్కీ, కూపర్ ఇలాంటివాటిని వివరించే సూత్రాలు చెప్పారు. రాసేవాడు తనకొచ్చిన భాషలో రాస్తాడు. చదవాల్సినవాడికి వచ్చిన భాషలో రాస్తాడు. లేదా తననెలా గుర్తించాలనుకుంటాడో ఆ భాషలో రాస్తాడు. పేరు బోర్డులో మూడోది, హెచ్చరికలో రెండోది పని చేస్తున్నాయి. అందుకే పట్టికలో ‘ఈ రాత దేనికి’ అన్న గడి కూడా ఉండాలి. పేర్లనూ హెచ్చరికలనూ కలిపి తీసిన సగటుకు అర్థం లేదు.

ఇంత చేసినా బోర్డు చెప్పని సంగతులుంటాయి. కంపెనీ ఇచ్చిన బోర్డు దుకాణదారు ఇష్టాన్ని చెప్పదు. వీధిలో ఏ భాష మాట్లాడతారన్నది అసలే చెప్పదు. కోడింగ్ చేసిన మనిషి పొరపాటు పడ్డాడో లేదో తెలియాలంటే, అవే ఫోటోల్లో కొన్నింటిని ఇంకొకరి చేత విడిగా కోడ్ చేయించి రెండింటినీ సరిచూడాలి. ఎక్కువ తేడాలొస్తే తప్పు సాధారణంగా మనుషులది కాదు, నియమాలు స్పష్టంగా రాయకపోవడానిది.

ఫలానా నగరంలో ఇంత శాతం బోర్డులు ఇంగ్లీషులో ఉన్నాయని వార్త కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. దేన్ని ఒక బోర్డుగా లెక్కేశారు? లిపిని చూశారా, భాషను చూశారా? పరిమాణం ఎలా కొలిచారు? వీటికి జవాబు లేని శాతాన్ని పట్టుకుని చట్టం రాయకూడదు, ఆందోళనా చేయకూడదు.